శీర్షికలో చెప్పిందే క్లిప్పులో ఉండాలి

పోటీ పరీక్షలకు పాఠాలు చెప్పే చిన్న వీడియోలు మన జిల్లాలో కూడా బాగా పెరిగాయి. నిజామాబాద్‌లో కోచింగ్ సెంటర్ నడిపే సార్లు, డిచ్‌పల్లి యూనివర్సిటీలో పీజీ చదువుతున్నవాళ్లు, బోధన్‌లో డిగ్రీ అయిపోయి గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నవాళ్లు ఫోన్‌తోనే రికార్డు చేసి అప్‌లోడ్ చేస్తున్నారు. పాఠం తయారు చేయడానికి రెండు రోజులు పడుతుంది. శీర్షిక, వివరణ, ట్యాగులు, సమయ సూచికలు రాసేందుకు మాత్రం రెండు నిమిషాలు కూడా ఇవ్వరు. ఈ రెండో భాగాన్నే మెటాడేటా అంటారు. వీడియో లోపల ఏముందో వీడియో తెరవకముందే చెప్పే సమాచారం అది. ఈ పని మీకు రేపు ఉద్యోగంగా కూడా రావచ్చు. ఏదైనా సంస్థలో కంటెంట్ విభాగంలో చేరితే మొదట మీ చేతికిచ్చేది చాలాసార్లు ఇదే. కాబట్టి ఒక్క క్లిప్పును తీసుకుని మొదటినుంచి చివరిదాకా చూద్దాం.

మన ప్రాంతం విషయమే తీసుకుందాం. బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ మీద మీరు నాలుగున్నర నిమిషాల క్లిప్పు చేశారనుకోండి. గ్రూప్-2, గ్రూప్-3 రాసేవాళ్లకు పనికొచ్చే అంశమే. మంజీరా నది మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లతో ఈ ప్రాంతంలో చెరకు సాగు పెరిగింది. ఆ చెరకు ఆధారంగా 1937లో, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో ఫ్యాక్టరీ ఏర్పడింది. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 51 శాతం వాటాను ప్రైవేటు సంస్థకు ఇచ్చింది. 49 శాతం తన దగ్గర ఉంచుకుంది. అప్పటినుంచి అది నిజాం దక్కన్ షుగర్స్ అయింది. బోధన్‌తో పాటు ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లు కూడా దాని కిందికే వచ్చాయి. 2015 డిసెంబర్‌లో లే ఆఫ్ ప్రకటించారు. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ కంపెనీని లిక్విడేషన్‌కు పంపింది. 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం మళ్లీ తెరిపించే విషయంపై కమిటీ వేసింది. పాఠంలో ఉన్నది ఇంతే. దీనికి పేరు పెట్టాలి.

ఇప్పుడు మనవాళ్లు సాధారణంగా రాసే శీర్షిక ఎట్లుంటుందో మీకు తెలుసు. ‘ఈ ఒక్క వీడియో చూస్తే చాలు, పక్కా 5 మార్కులు’ అనో, ‘ఆసియాలోనే నంబర్ వన్ ఫ్యాక్టరీ ఎందుకు మూతపడింది? షాకింగ్ నిజాలు’ అనో ఉంటుంది. కొందరు ఆ మాత్రం కూడా పట్టించుకోరు. ఫోన్‌లో ఫైలు పేరు ఏముంటే యూట్యూబ్ దాన్నే శీర్షిక పెట్టెలో పెడుతుంది, దాన్ని అలాగే వదిలేస్తారు. ‘ఫైనల్ ఫైనల్ 2’ అనే పేరుతో ఉన్న ఆర్థిక వ్యవస్థ పాఠాన్ని ఎవరు వెతుకుతారు?

మొదటి రెండు శీర్షికల్లో ఉన్న తప్పు వేరే రకం. పక్కా 5 మార్కులు వస్తాయని మీకు ఎవరు చెప్పారు? కమిషన్ ప్రశ్నపత్రం ఎవరి చేతుల్లోనూ ఉండదు. అలా రాసినవాళ్లు ఊహిస్తున్నారు, లేదా అబద్ధం చెబుతున్నారు. దాన్ని నమ్మి క్లిక్ చేసేవాళ్లలో రాత్రి డ్యూటీ చేసి పగలు చదువుకునేవాళ్లు ఉన్నారు. రోజూ బోధన్ నుంచి నిజామాబాద్‌కు బస్సులో వస్తూ ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినేవాళ్లు ఉన్నారు. వాళ్లకు రోజులో దొరికే నలభై నిమిషాల్లో మీరు ఐదు నిమిషాలు తీసుకుంటున్నారు. ఆ ఐదు నిమిషాలకు ఏం ఇస్తున్నారో ముందే చెప్పకపోవడం మోసమే. మెటాడేటాను మార్కెటింగ్ కింద చూడొద్దని మేం అనేది ఇందుకే. అది ఒక హామీ. యూట్యూబ్ కూడా తప్పుదోవ పట్టించే శీర్షికలు, థంబ్‌నెయిళ్లు, ట్యాగుల మీద నిషేధం పెట్టుకుంది. వీడియోలో లేనిదాన్ని శీర్షికలోనో థంబ్‌నెయిల్‌లోనో చూపించే వాటిపై భారత్‌లో గట్టిగా వ్యవహరిస్తామని 2024 డిసెంబర్‌లో ప్రకటించింది కూడా. కమిషన్ చిహ్నాన్ని థంబ్‌నెయిల్‌లో పెట్టి అధికారిక ప్రకటనలా కనిపించేలా చేయడం కూడా ఇదే కోవలోకి వస్తుంది.

‘ఆసియాలోనే అతి పెద్దది’ అన్న మాట గురించి ఒక ముక్క. నిజాం షుగర్స్ గురించి ఈ మాట అందరూ అంటారు. బోధన్‌లో ఏ పెద్దమనిషిని అడిగినా ఇదే చెబుతారు. చెప్పుకోవడం బాగుంటుంది కూడా. కానీ ఏ సంవత్సరంలో, ఏ లెక్కన పెద్దదో మీ క్లిప్పులో చూపించకపోతే శీర్షికలో ఆ మాట ఉండకూడదు. పరీక్ష రాసేవాడు దాన్ని వాస్తవంగా రాసుకుని పోతాడు. అలాగే కంపెనీ స్థాపన, ఫ్యాక్టరీలో క్రషింగ్ మొదలవడం రెండూ ఒకటి కావు. ఏ సంవత్సరం రాస్తున్నారో అది దేనికి సంబంధించిందో వివరణలో ఒక మాటతో తేల్చాలి.

సరే, ఏం రాయాలి? ముందు ఒక కాగితం తీసుకోండి. ఈ పాఠం కావాల్సిన విద్యార్థి వెతికే పెట్టెలో ఏం టైప్ చేస్తాడో రాయండి. మీ పాఠం పేరును కాదు, అతని ప్రశ్నను రాయండి. ఈ రెండూ తరచుగా వేరేగా ఉంటాయి. మీ నోట్సులో ‘తెలంగాణలో పరిశ్రమల పరిణామం, యూనిట్ 4’ అని ఉండొచ్చు. అలా ఎవరూ వెతకరు. ‘నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఎప్పుడు స్థాపించారు’ అని వెతుకుతారు. చాలామంది తెలుగులో కాకుండా ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు. మీరు కూడా అంతే కదా! పది వరుసలు రాసి చూస్తే ఇలాంటివి వస్తాయి:

```
nizam sugar factory bodhan history in telugu
nizam sugars privatisation 2002
tspsc group 2 telangana industries telugu
నిజాం షుగర్స్ ఎప్పుడు స్థాపించారు
శక్కర్‌నగర్ షుగర్ ఫ్యాక్టరీ
```

మూడో వరుస చూడండి. 2024లో కమిషన్ పేరు టీఎస్‌పీఎస్సీ నుంచి టీజీపీఎస్సీగా మారింది. నోటిఫికేషన్లన్నీ కొత్త పేరుతోనే వస్తున్నాయి. కానీ ఏళ్ల తరబడి అలవాటైన వేళ్లు పాత పేరునే కొడతాయి. శీర్షికలో కొత్త పేరే ఉండాలి, ఎందుకంటే అదే సరైనది. పాత పేరు ట్యాగుల్లో ఉండాలి. ట్యాగుల అసలు ఉపయోగం ఇంతే. యూట్యూబ్ తానే చెప్పేదాని ప్రకారం వీడియో దొరకడంలో ట్యాగుల పాత్ర చాలా తక్కువ. పేర్లను తరచూ తప్పుగా రాసే చోట, రెండు మూడు విధాలుగా రాసే చోట మాత్రం అవి పనికొస్తాయి. అందుకని ముప్పై ట్యాగులు వెతుక్కుంటూ కూర్చోవడం దండగ. వివరణలో ట్యాగుల వరుస కుప్పగా పోయడమైతే నిబంధనలకే విరుద్ధం.

ఒకే పేరును ఎన్ని రకాలుగా రాస్తామో మన ఊరి పేర్లలోనే తెలుస్తుంది. బోధన్ అని కొందరు, బోదన్ అని కొందరు రాస్తారు. శక్కర్‌నగర్ సంగతి ఇంకా చిత్రం. ‘శక్కర్’ తర్వాత ‘నగర్’ విడిగా కనిపించాలంటే మధ్యలో కంటికి కనపడని ఒక అక్షరం ఉండాలి. కీబోర్డులో అది కొట్టకపోతే ‘ర’ కింద ‘న’ ఒత్తు పడి ‘శక్కర్నగర్’ అవుతుంది. మనకు రెండూ ఒకటే. కంప్యూటర్ లెక్కలో మాత్రం రెండు వేర్వేరు అక్షర వరుసలు. వెతికే యంత్రం ఈ తేడాను సర్దుకోవచ్చు, సర్దుకోకపోవచ్చు. ఆ నమ్మకం మీద ఆధారపడకుండా శీర్షికలో బోధన్ అని రాసి, వివరణలో ఒకసారి ‘శక్కర్‌నగర్’, ట్యాగుల్లో ‘శక్కర్ నగర్’ అని విడదీసి, ఇంగ్లిష్ అక్షరాల్లో రెండు రకాలుగా రాస్తే సరిపోతుంది.

శీర్షికకు యూట్యూబ్ ఇచ్చే హద్దు వంద అక్షరాలు. తెలుగులో ఇది కనిపించినంత ఎక్కువ కాదు. ‘నిజామాబాద్’ అంటే మన లెక్కలో ఐదు అక్షరాలు: ని, జా, మా, బా, ద్. యంత్రం గుడిని, దీర్ఘాలను, పొల్లును విడిగా లెక్కపెడుతుంది. దాని లెక్కలో అవి పది. అంటే తెలుగు శీర్షిక తొందరగా నిండిపోతుంది. పైగా ఫోన్ తెరపై వంద అక్షరాలూ కనిపించవు, చివరి భాగం కోసుకుపోతుంది. అందుకని అసలు విషయం ముందు, పరీక్ష పేరు తర్వాత రావాలి. చాలామంది దీన్ని తిరగేసి రాస్తారు. పరీక్ష పేరు, పేపర్ నంబర్, క్లాస్ నంబర్, ఇన్‌స్టిట్యూట్ పేరు అన్నీ ముందు పెడితే, విషయం తెర అవతలికి పోతుంది. మన క్లిప్పుకు ఇలా రాయొచ్చు:

```
నిజాం షుగర్స్ బోధన్: 1937 నుంచి 2019 వరకు | TGPSC Group 2, 3 Economy
```

యంత్రం లెక్కలో ఇది 68 అక్షరాలు. పేరు ఉంది, ఊరు ఉంది, ఏ కాలం వరకు చెప్పారో ఉంది, ఏ పరీక్షకో ఉంది. షాకింగ్ లేదు. ఇంత పొడిగా ఉంటే ఎవరు చూస్తారని మీరు అడగొచ్చు. నిజమే, ఏమీ అక్కర లేకుండా స్క్రోల్ చేస్తున్నవాడు దీన్ని చూడకపోవచ్చు. కానీ ఈ క్లిప్పు అతని కోసం చేసింది కాదు. ఈ అంశాన్నే వెతుక్కుంటూ వచ్చినవాడికి 1937 అన్న అంకె ఏ ఆశ్చర్యార్థకం కన్నా ఎక్కువ చెబుతుంది.

‘గ్రూప్ 2, 3’ అని రాసే ముందు సిలబస్ తెరిచి చూడాలి. గ్రూప్-2లో నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు. అందులో మూడో పేపర్ ఆర్థిక వ్యవస్థ, అభివృద్ధి. గ్రూప్-3లోనూ మూడో పేపర్ అదే. తెలంగాణ పరిశ్రమలు అక్కడ వస్తాయి కాబట్టి ఆ రెండు పేర్లు రాశాం. రైల్వే, బ్యాంకు, ఎస్సెస్సీ, పోలీస్ కానిస్టేబుల్ అన్నీ కలిపి రాయాలన్న ఆశ పుడుతుంది. బ్యాంకు పరీక్ష రాసే అమ్మాయి వచ్చి, రెండు నిమిషాలు చూసి, ఇది తనకు కాదని వెళ్లిపోతుంది. ఆమె సమయం పోతుంది. మీ వీడియోను జనం మధ్యలోనే వదిలేస్తున్నారన్న లెక్క కూడా యూట్యూబ్ దగ్గర చేరుతుంది.

తర్వాత వివరణ. ఐదు వేల అక్షరాల చోటు ఉన్నా మొదటి రెండు వరుసలే ముఖ్యం. మిగతాది చూడాలంటే విప్పాలి. మామూలుగా ఆ రెండు వరుసల్లో ఏముంటుంది? ‘మా ఛానల్‌కు స్వాగతం, సబ్‌స్క్రైబ్ చేయండి, గంట గుర్తు నొక్కండి, టెలిగ్రామ్ లింకు ఇదిగో.’ ఇంటికి వచ్చిన చుట్టానికి నీళ్లివ్వకుండా చందా పుస్తకం చూపించినట్టు! దాని బదులు ఇది చూడండి:

```
1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో ఏర్పడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీలో 51% వాటా
2002లో ప్రైవేటుకు ఎలా వెళ్లింది, 2015 లే ఆఫ్, 2019 లిక్విడేషన్.
గ్రూప్-2, గ్రూప్-3 పేపర్ 3 కోసం. తెలుగు మీడియం. చివర 3 ప్రశ్నలు.

00:00 ఈ క్లిప్పులో ఏముంది
00:20 నిజాంసాగర్ నీళ్లు, చెరకు, 1937
01:35 2002: 51 శాతం వాటా
02:40 2015 నుంచి 2019 వరకు
03:50 మూడు ప్రశ్నలు
```

కింది ఐదు వరుసలను సమయ సూచికలు, చాప్టర్లు అంటారు. వీటిని నొక్కితే నేరుగా ఆ భాగానికి వెళ్లొచ్చు. అవి పనిచేయాలంటే మొదటిది తప్పనిసరిగా 00:00 కావాలి. కనీసం మూడు ఉండాలి. సమయాలు వరుస క్రమంలో పెరుగుతూ పోవాలి. ఒక్కో భాగం పది సెకన్లకు తగ్గకూడదు. చాలామంది మొదటి వరుసను 00:05 అని మొదలుపెట్టి, చాప్టర్లు ఎందుకు రాలేదో అర్థంకాక తల పట్టుకుంటారు. ‘పరిచయం, భాగం 1, భాగం 2’ అని పేర్లు పెడితే వచ్చినా లాభం లేదు. నిన్న సగం చూసి ఆపేసిన విద్యార్థికి ‘2002: 51 శాతం వాటా’ అన్న పేరు చూడగానే తాను ఎక్కడ ఆగాడో గుర్తుకొస్తుంది. నాలుగున్నర నిమిషాలకు చాప్టర్లెందుకు అనిపించొచ్చు. పరీక్షకు ముందు వారం రివిజన్ చేసేవాళ్లను అడగండి. వాళ్లకు మొత్తం క్లిప్పు అక్కర్లేదు, చివరి మూడు ప్రశ్నలే కావాలి.

దీన్నే నిలువుగా, మూడు నిమిషాల్లోపు చేస్తే అది షార్ట్ అవుతుంది. అక్కడ లెక్క మారుతుంది. వివరణ చూసేవాళ్లు దాదాపు ఉండరు, అందులోని లింకులు నొక్కినా తెరుచుకోవు. కాబట్టి ఏ పరీక్ష, ఏ అంశం అన్నది శీర్షికలోనూ తెర మీదా కనపడాలి. పాఠం ఎక్కువగా ఉంటే షార్ట్ జోలికి పోకపోవడమే మంచిదని మా అభిప్రాయం.

భాష సెట్టింగ్ దగ్గర ఒక చిక్కు ఉంది. వీడియో భాష తెలుగు అని పెట్టడం మర్చిపోకండి. శీర్షికకు ఇంగ్లిష్ అనువాదం కూడా చేర్చే వీలుంది. చేర్చితే ఎక్కువమందికి చేరుతుందని అందరూ అనుకుంటారు. కానీ ఆ అనువాదం ఎవరికి కనిపిస్తుంది? ఫోన్‌ను ఇంగ్లిష్‌లో పెట్టుకున్నవాళ్లకు. మన దగ్గర తెలుగు మీడియం వాళ్లలోనూ చాలామంది ఫోన్లు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. వాళ్లకు మీ శీర్షిక పూర్తిగా ఇంగ్లిష్‌లో కనిపిస్తుంది. ఇది ఇంగ్లిష్ మీడియం పాఠం కాబోలనుకుని దాటేస్తారు. అటు ఇంగ్లిష్ పాఠం కోసం వచ్చినవాళ్లేమో తెలుగు వినపడగానే వెళ్లిపోతారు. తెలుగు పాఠానికి ఇంగ్లిష్ శీర్షిక పెట్టాలనుకుంటే అందులోనే ‘ఇన్ తెలుగు’ అని రాయాలి.

సబ్‌టైటిళ్లు కూడా మెటాడేటాలో భాగమే. యంత్రం తనంతట తాను రాసేవాటిలో మొదట దెబ్బతినేవి ఊరి పేర్లు, మనిషి పేర్లు, సంవత్సరాలు. పరీక్షకు కావాల్సినవీ సరిగ్గా అవే. ముత్యంపేట, మంబోజిపల్లి లాంటి పేర్లను యంత్రానికి వదిలేయకుండా, మీ స్క్రిప్టు ఎలాగూ ఉంది కాబట్టి దాన్నే సబ్‌టైటిల్‌గా ఎక్కించండి. బస్సులో చప్పుడు మధ్య చూసేవాళ్లకు అదే పాఠం.

ఇక ఈ పనిలో అందరూ వదిలేసేది తేదీ. పాఠం ఏ నాటి సమాచారమో వివరణలో ఒక వరుస ఉండాలి: ఫలానా నెల, ఫలానా సంవత్సరం వరకు ఉన్న సమాచారం అని. అప్‌లోడ్ తేదీ ఎలాగూ కనిపిస్తుంది కదా అంటారు. అది చాలదు. 2021లో రికార్డు చేసిన పాఠాన్ని 2024లో ఎక్కించేవాళ్లు ఉన్నారు. నిజాంసాగర్ సంగతే చూడండి. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు నిజాంసాగర్ కామారెడ్డి జిల్లాలోకి వెళ్లింది. బోధన్ నిజామాబాద్‌లోనే ఉంది. పాత పుస్తకం చూసి ‘నిజామాబాద్ జిల్లాలోని నిజాంసాగర్’ అని వివరణలో రాస్తే, ఆ ఒక్క మాట వల్ల విద్యార్థికి ఒక మార్కు పోవచ్చు. అలాగే 2015 వరకే చెప్పి ఆపేసిన పాత క్లిప్పు ‘నిజాం షుగర్స్ పూర్తి సమాచారం’ అన్న శీర్షికతో ఉంటే, చూసినవాడికి లిక్విడేషన్ సంగతి తెలియకుండానే పోతుంది. మన శీర్షికలో ‘2019 వరకు’ అని రాయడానికి కారణం ఇదే. కమిటీ గురించి క్లిప్పులో ఒక వాక్యం ఉన్నా, అది తేలని విషయం కాబట్టి శీర్షికలోకి తేలేదు.

రాష్ట్ర ప్రభుత్వ టీ-శాట్ సంస్థకు నిపుణ, విద్య అని రెండు ఛానళ్లున్నాయి. పోటీ పరీక్షల పాఠాలు నిపుణలో వస్తాయి. అక్కడి పాఠాలు పొడవుగా, వరుస క్రమంలో నడుస్తాయి. సిలబస్ మొత్తం చదవాలనుకునేవాళ్లకు ఆ పద్ధతి సరిపోతుంది. మీ నాలుగున్నర నిమిషాల క్లిప్పు దానికి పోటీ కాదు. పొడవైన పాఠం విన్నాక ఒక్క ముక్క మరిచిపోయినవాడికి అది దొరకాలి. అందుకే ఏ ముక్కో అంత కచ్చితంగా రాయమంటున్నాం.

అంతా రాసి ఎక్కించాక పని అయిపోయినట్టు కాదు. వారం తర్వాత ఛానల్ గణాంకాలు తెరవండి. ముందుగా ఎంతమంది చూశారన్నది వదిలేసి, వాళ్లు ఏ మాటలు వెతికి వచ్చారో చూడండి. యూట్యూబ్ సెర్చ్ ద్వారా వచ్చినవాళ్లు కొట్టిన పదాలు అక్కడ కనిపిస్తాయి. మీరు కాగితం మీద రాసుకున్న పది వరుసలను వాటి పక్కన పెట్టి పోల్చండి. మీరు అనుకోని మాట ఏదైనా పదేపదే కనిపిస్తే, ఉదాహరణకు అందరూ ‘నిజాం దక్కన్ షుగర్స్’ అని వెతుకుతుంటే, ఆ పేరును వివరణ మొదటి వరుసలోకి తేవాలి. క్లిప్పులో ఆ పేరు చెప్పి ఉంటేనే సుమా.

తర్వాత రెండు గుర్తులు చూడాలి. క్లిప్పు చాలామంది తెరల మీద కనిపించింది, కానీ నొక్కినవాళ్లు తక్కువంటే శీర్షికో థంబ్‌నెయిలో విషయాన్ని సరిగ్గా చెప్పడం లేదు. నొక్కినవాళ్లు బాగానే ఉన్నారు, కానీ మొదటి ముప్పై సెకన్లలోనే సగం మంది వెళ్లిపోయారంటే శీర్షిక ఏదో చెప్పింది, క్లిప్పు ఇంకేదో ఇచ్చింది. లేదా మీరు ఆ ముప్పై సెకన్లూ స్వాగతాలకే ఖర్చు చేశారు. కామెంట్లలో ‘సార్, ఇది గ్రూప్-3కి పనికొస్తదా’ అని నలుగురు అడిగారంటే వాళ్లకు జవాబులివ్వడంతో పాటు ఆ సంగతిని వివరణలోకి ఎక్కించాలి. అయితే నలభై మంది చూసిన క్లిప్పు మీద శాతాలు లెక్కేసి కంగారు పడొద్దు. నలభైలో ఇద్దరు అటూ ఇటూ అయితేనే అంకె మారిపోతుంది. మార్చాలనుకుంటే ఒకసారికి ఒక్కటే మార్చండి. శీర్షిక, థంబ్‌నెయిల్ ఒకేరోజు మారిస్తే దేనివల్ల ఫలితం వచ్చిందో తెలియదు.

మెటాడేటా చేయలేనిది కూడా ఉంది. మాట వినపడని క్లిప్పును, తప్పు సంవత్సరం చెప్పిన క్లిప్పును ఏ శీర్షికా కాపాడదు. క్లిప్పులో 2002కు బదులు పొరపాటున 2003 అని పలికితే వివరణలో సవరణ రాసి ఊరుకోవడం సరిపోదు, ఎందుకంటే వినేవాళ్లలో ఎక్కువమంది వివరణ విప్పరు. ఆ భాగాన్ని కత్తిరించి వేయాలి, కుదరకపోతే మళ్లీ రికార్డు చేయాలి.

ఉద్యోగం కోసం వెళ్లినప్పుడు కంటెంట్ పనికి అనుభవం ఉందా అని అడిగితే చూపించడానికి పెద్ద ఛానల్ ఉండక్కర్లేదు. ఇలాంటి ఒక్క క్లిప్పుకు మీరు రాసిన మొదటి శీర్షిక, మార్చిన శీర్షిక, ఎందుకు మార్చారో, ఆ తర్వాత వెతుకులాట పదాల్లో ఏం తేడా వచ్చిందో ఒక పేజీలో రాసి పట్టుకెళ్లండి. అడిగేవాళ్లకు ఆ పేజీలో కావాల్సింది దొరుకుతుంది.

శక్కర్‌నగర్ ఫ్యాక్టరీపై కొత్త నిర్ణయం ఏదైనా వచ్చిన రోజు మీ క్లిప్పు వివరణలో తేదీ ఉన్న వరుసను తెరవండి. దాని కింద ఏం మారిందో ఒక వాక్యం చేర్చండి, అదే వాక్యాన్ని కామెంట్లలో పైన పిన్ చేయండి. క్లిప్పులో చెప్పిన మాటే తప్పయ్యేంత మార్పు అయితే పాతదాని శీర్షికలో ‘పాతది’ అని రాసి, కొత్త క్లిప్పు లింకు ఇవ్వండి.